ఇటుకల మధ్య ఎడం చూడండి

నిన్న క్లాసులో వెనక బెంచీ నుంచి మంచి డౌట్ వచ్చింది: "సార్, నిరూపించాల్సినదాన్నే 'k కి నిజం అనుకుందాం' అని ముందే రాసేస్తున్నాం, ఇంక నిరూపించేదేముంది?" బెల్లు కొట్టేయడంతో పూర్తిగా చెప్పలేకపోయాను, అందుకే ఈ కాగితం. గణితానుగమనం ఇంటర్‌లో అందరూ చేసిందే, కానీ ఏడు మార్కుల కోసం మెట్లు కంఠతా పట్టినవాళ్లకి ఈ డౌట్ రాదు. ఆలోచించినవాళ్లకే వస్తుంది.

డోమినో బిళ్లలు మీలో చాలామంది చూసి ఉండరు, పర్వాలేదు, బట్టీ ఇటుకలు చాలు. ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు పొడవునా ఇటుకల్ని నిలువుగా నిలబెట్టుకుంటూ పోయారనుకోండి, ఆ వరసకి చివరంటూ లేదు. అన్నీ పడతాయని ఎలా చెబుతారు? ఒక్కొక్కటీ పడేదాకా కూర్చుని చూడలేరు కదా. ఎడం కొలుస్తారు. ఇటుక ఎత్తు కంటే ఎడం ఎక్కువైతే పడిన ఇటుక నేల మీద పడుతుందే తప్ప పక్కదాన్ని తాకదు. కొలిచేటప్పుడు ఏ ఇటుకా పడలేదు, అన్నీ నిలబడే ఉన్నాయి. "ఇది గనక పడితే పక్కది పడుతుందా?" అన్నదొక్కటే మీరు చూస్తున్నది. 'P(k) నిజం అనుకుందాం' అంటే సరిగ్గా ఇదే. k వ ఇటుక పడిందని మీరు అనడం లేదు, ఎడం సరిపోయిందా అని మాత్రమే చూస్తున్నారు. మొదటిదాన్ని తోయడం వేరే పని, అది విడిగా చేయాలి.

ఈ రెండు పనులూ ఎంత వేరో ఒక్క లెక్కలో చూడండి: 2ⁿ > n².

n = 1 కి 2 > 1, నిజం. n = 2 కి 4 > 4, తప్పు. అంటే మొదటి ఇటుక పడింది కానీ రెండోదాన్ని తాకలేదు. ఇప్పుడు ఎడం కొలుద్దాం. 2ᵏ > k² అయితే, రెండువైపులా 2 పెట్టి గుణిస్తే 2ᵏ⁺¹ > 2k². ఇక 2k² ≥ (k+1)² అయితే చాలు, అంటే k² − 2k − 1 ≥ 0 కావాలి, అది k = 3 నుంచి ఎప్పుడూ నిజమే. కాబట్టి 3 నుంచి ఎడం బాగానే ఉంది. కానీ 8 > 9 తప్పు, 16 > 16 కూడా తప్పు. ఎడం సరిగ్గా ఉండి కూడా 3, 4 ఇటుకలు నిలబడే ఉన్నాయి, ఎందుకంటే వాటిని తోసినవాళ్లు లేరు! n = 5 దగ్గర 32 > 25, అక్కడ తోశాం, ఇక ఆరు, ఏడు, ఎనిమిది, వరసంతా పడిపోతుంది.

మొదటి మెట్టు ఎప్పుడూ n = 1 తోనే అని పట్టుపట్టకండి. వరస ఎక్కడ మొదలవుతుందో లెక్కే చెబుతుంది.

గురువారానికి 2ⁿ < n! చేసుకుని రండి. ఎడం ఎక్కడి నుంచి సరిపోతోంది, మొదటి ఇటుక ఎక్కడ పడుతోంది, రెండూ విడివిడిగా రాయండి. ఆ రెండు సంఖ్యలూ ఒకటి కావు, ఎందుకు కావో కూడా ఒక వాక్యం రాయండి.