కొత్త కారుగేషన్ లైన్: మూడు లెక్కలు, వాటి మధ్య దూరం

బాబాయ్ గారికి, అన్నయ్యకి,

శుక్రవారం కూర్చునేలోపు ఇది ఒకసారి చదవండి. మేడ్చల్ దారిలో చూసిన షెడ్‌లో 5 ప్లై అట్టల లైన్ పెడితే ఏమవుతుందో మూడు రకాలుగా లెక్కేశాను. మిషన్, కరెంటు కనెక్షన్, ఫిట్టింగ్ కలిపి 12 కోట్లు. పూర్తి కెపాసిటీ ఏడాదికి 12,000 టన్నులు. లెక్క 7 ఏళ్లకే వేశాను, ఆ తర్వాత మిషన్‌కి స్క్రాప్ ధర కూడా కట్టలేదు. డిస్కౌంట్ రేటు 14 శాతం, ట్యాక్స్ 25.168 శాతం. తరుగుదల (ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం) వల్ల ఆదా అయ్యే ట్యాక్స్ నేటి విలువలో 1.36 కోట్లు. జీడిమెట్ల యూనిట్ లాభాల్లో ఉన్నంతకాలం అది మూడింటిలోనూ ఒకటే.

| | బాగా నడిస్తే | మామూలుగా | దెబ్బతింటే |
|---|---|---|---|
| అమ్మకం, టన్నులు | 10,200 | 8,400 | 6,000 |
| కిలోకి మిగులు, రూ. | 9 | 8 | 6.50 |
| అద్దె, జీతాలు వగైరా, కోట్లు | 2.40 | 2.20 | 2.20 |
| ఏటా చేతికొచ్చేది (ట్యాక్స్‌కి ముందు), కోట్లు | 6.78 | 4.52 | 1.70 |
| వర్కింగ్ క్యాపిటల్, కోట్లు | 2.4 | 2 | 3 |
| ఎన్‌పీవీ, కోట్లు | +9.68 | +2.67 | −6.98 |

ఎన్‌పీవీ అంటే ఏడేళ్లలో వచ్చేదంతా నేటి విలువకి తెచ్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. వర్కింగ్ క్యాపిటల్ ఏడో ఏట తిరిగొస్తుందనుకున్నాను. మూడో గడిలో అది 3 కోట్లు ఎందుకంటే, అమ్మకం తగ్గినప్పుడే బాకీలు సాగుతాయి. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం ఉంది, కానీ పెద్ద కస్టమర్‌కి ఆ సెక్షన్ చదివి వినిపించే ధైర్యం మనకెప్పుడూ లేదు.

మూడో గడిని భయపెట్టడానికి రాయలేదు. అందులోవన్నీ ఒకదాన్నొకటి లాక్కొచ్చేవే. పోయిన వానాకాలం గుర్తుందా? పేపర్ మిల్లు నుంచి సోమవారం ఫోన్ చేసి కిలోకి రూపాయిన్నర పెంచామన్నారు. టార్పాలిన్ కింద మూడు రీళ్లు తడిసి ఉన్నాయి, కొనక తప్పలేదు. మన రేటు మాత్రం మూడు నెలలకోసారే మారుతుంది. ఎనిమిది రూపాయలు ఆరున్నర అయ్యేది అలాగే.

ఇక ఆ దూరం సంగతి. పైనుంచి కిందికి 16.66 కోట్లు, అంటే మనం పెట్టే 12 కోట్ల కన్నా ఎక్కువ. అందుకే నడిమి 2.67ని పట్టుకుని "లాభమే కదా" అనుకోవద్దు. నా అంచనా ప్రకారం బాగా నడవడానికి 20 శాతం, మామూలుకి 50, దెబ్బకి 30 ఇస్తే సగటు 1.17 కోట్లు. మొదటిదాన్ని 20 దగ్గరే ఉంచి, మామూలులోంచి తీసి దెబ్బకి 42 శాతం ఇస్తే సగటు సున్నా. 30కీ 42కీ మధ్య తేడా నేనైతే ప్రమాణం చేసి చెప్పలేను.

సగటు కన్నా పనికొచ్చేది, దేనివల్ల పడిపోతున్నామో చూడటం. మామూలు లెక్కలో ఒక్కొక్కటే మార్చి చూశాను. బాకీలు మాత్రమే సాగితే ఎన్‌పీవీ 2.07 దగ్గర నిలబడుతుంది. మిగులు మాత్రమే ఆరున్నరకి తగ్గితే −1.38. టన్నులు మాత్రమే 6,000కి పడితే −3.50. మనల్ని ముంచేది టన్నులే. కిలోకి ఎనిమిది రూపాయలు నిలిచినా 7,360 టన్నుల దగ్గర, అంటే 61 శాతం దగ్గర, ఎన్‌పీవీ సున్నా అవుతుంది. మనం అనుకుంటున్నది 70.

ఒక పొరపాటు జరిగింది, చెప్పేస్తాను. నేను మొదట పంపిన షీట్‌లో నడిమి ఎన్‌పీవీ 2.34, మూడో గడిది −6.13 అని ఉన్నాయి. ఎక్సెల్ మొదటి అంకెను ఏడాది చివరిదిగా తీసుకుంటుంది, నేను పెట్టుబడిని కూడా బ్రాకెట్ లోపలే పెట్టేశాను. నష్టం తక్కువగా కనిపించింది. సరైనది ఇది:

```
=B12+NPV(14%,C12:I12)
```

ఎన్‌పీవీలో కనిపించనిది అప్పు. 8 కోట్ల లోన్, 10.5 శాతం వడ్డీ, ఆరేళ్లు. మొదటి ఏడాది అసలు 1.33, వడ్డీ 0.84, మొత్తం 2.17 కోట్లు. దెబ్బతిన్న ఏడాది చేతికొచ్చేది 1.70. మిగతా 47 లక్షలు జీడిమెట్ల నుంచి లాగాలి, అదీ పేపర్ రేటు అక్కడ కూడా పెరిగి ఉన్న రోజుల్లో. అదే 6,000 టన్నులకి ఎనిమిది రూపాయలు నిలిస్తే 2.60 వస్తుంది, కిస్తీ దానంతటదే కట్టుకుంటుంది.

కాబట్టి నేను అడిగేది రెండు. ఫార్మా కస్టమర్ల దగ్గర మాటగా 5,200 టన్నులున్నాయి, కాగితం మీద 3,000. కాగితం మీదున్నది 6,000 అయ్యేదాకా మిషన్‌కి అడ్వాన్స్ కట్టొద్దు. ఆ కాగితంలోనే పేపర్ రేటును బట్టి నెలనెలా రేటు మార్చుకునే షరతు ఉండాలి. షెడ్ ఓనర్‌కి టోకెన్ ఇచ్చి రెండు నెలలు ఆగమంటే ఆగుతానన్నాడు, శుక్రవారం ఆయనకి ఏం చెప్పాలో తేల్చండి.