కత్తెర పట్టే ముందు అడగవలసినవి

విజయనగరం గంటస్తంభం దగ్గరి మన పార్లర్‌లో పనిచేసే అందరికీ

కూర్చోగానే గుడ్డ కప్పకండి. జుట్టు పొడిగా, విప్పి ఉన్నప్పుడే చూడాలి. తడిస్తే అసలు పొడవు తెలియదు. ఎదురుగా నిలబడి అడగండి: "నమస్కారమండీ, ఇప్పుడున్న జుట్టులో మీకు నచ్చనిది ఏమిటి? రోజూ జడ వేసుకుంటారా?"

"కొంచెం తీయండి" అంటే ఎంతో వేలితో చూపించమనండి. అమ్మతో వచ్చిన అమ్మాయినైతే ఆ అమ్మాయినే అడగండి. జుట్టు తనది.

రంగు అడిగితే అసలు తొందరపడవద్దు. "ఈ మధ్య హెన్నా గానీ స్ట్రెయిటెనింగ్ గానీ చేయించారా? రంగు వేస్తే ఎప్పుడైనా దురద, వాపు వచ్చాయా?" కొన్ని హెన్నా పొడుల్లోని లోహ లవణాలు బ్లీచ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి తెగిపోతుంది. చెవి వెనుక కొంచెం రంగు రాసి చూసే పరీక్ష 48 గంటల ముందే చేయాలి. సిరిమానోత్సవం రద్దీలోనూ ఇందులో సడలింపు లేదు. ఆ రోజు పని పోయినా ఫరవాలేదు, మనిషి చర్మం ముఖ్యం.

చివరగా విన్నది తిరిగి చెప్పండి: "మూడు అంగుళాలు తగ్గిస్తాను, ముందు జుట్టు గడ్డం దాకా ఉంచుతాను. నాలుగు వందలు, ముప్పావు గంట పడుతుంది. సరేనా అండీ?"

వారు తటపటాయిస్తే మళ్లీ మొదటినుంచి అడగండి.