ఐదు పొరల అట్టపెట్టెల సరఫరాదారు ఎంపిక: మార్కుల పట్టిక, షార్ట్‌లిస్ట్, కమిటీ సిఫార్సు

కొనుగోలు కమిటీ నుంచి ప్లాంట్ మేనేజరు గారికి

విషయం

గాజు సీసాల ప్యాకింగుకు వాడే ఐదు పొరల అట్టపెట్టెల వార్షిక ఒప్పందానికి ఆరు కొటేషన్లు వచ్చాయి. కవర్లు తెరిచిన వరుసలో వాటికి క, గ, చ, జ, ట, ప అని గుర్తులు ఇచ్చాం. ఫ్యాక్టరీ పరిశీలనకు తప్ప, మార్కులు వేసేటప్పుడు సభ్యుల చేతిలో ఉన్నవి ఈ గుర్తులే, పేర్లు కావు. ఒక్క ‘చ’ విషయంలో ఈ జాగ్రత్త పనిచేయలేదు. అది మన ప్రస్తుత సరఫరాదారు. దాని పెట్టె రంగు చూస్తేనే అందరికీ తెలిసిపోయింది.

గోదాములో వర్షాకాలంలో ఆరు వరసల దొంతర ఒకటి అడుగు పెట్టె నలిగి పక్కకు ఒరిగిన సంగతి తమకు తెలుసు. ఈసారి ధర ఒక్కటే చూసి నిర్ణయించవద్దని తమరు చెప్పడానికి కారణం అదే.

ముందుగా దాటవలసిన గీత

నిండు పెట్టె బరువు 15 కిలోలు. ఆరు వరసలు పేరిస్తే అడుగు పెట్టె మీద అయిదు పెట్టెల భారం, అంటే 75 కిలోలు పడుతుంది. తేమకు అట్ట మెత్తబడుతుంది, నెలల తరబడి భారం మోస్తే బలం తగ్గుతుంది, ప్యాలెట్ అంచు దాటి బయటికి వచ్చిన మూల సరిగా మోయలేదు. వీటన్నిటికీ కలిపి నాలుగు రెట్ల భద్రత పెట్టుకున్నాం. అలా 300 కిలోలు వచ్చింది. 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం సాపేక్ష తేమ ఉన్న గదిలో ఉంచి తీసిన పది నమూనాలు నలిగే ముందు మోసిన భారం సగటు ఇంతకు తగ్గితే ఆ కొటేషన్‌కు మార్కులే వేయకూడదని ముందే రాసుకున్నాం.

‘ప’ ఇక్కడే ఆగిపోయింది. దాని సగటు 262. పదింటిలో ఒక్కటి కూడా 300 దాటలేదు. ఆరింటిలోనూ అతి తక్కువ ధర దానిదే కాబట్టి, ఎందుకు వదిలేశారని ఎవరైనా అడిగితే చూపడానికి నలిగిన నమూనాలను నాణ్యత విభాగంలో చీటీలు కట్టి భద్రపరిచాం.

వెయిటేజీ, హద్దులు

వెయిటేజీలను కవర్లు తెరవకముందే ఖరారు చేశాం. అయిదుగురు సభ్యులు ఎవరికి వారు 100 మార్కులను ఆరు అంశాలకు పంచారు. ధరకు ఆర్థిక విభాగం 45 ఇవ్వగా, స్టోర్స్ 15 మాత్రమే ఇచ్చింది. మిగిలిన ముగ్గురూ 35, 30, 25 ఇచ్చారు. సగటు 30 అయింది. తక్కిన అంశాలకూ ఇదే పద్ధతి.

| అంశం | వెయిటేజీ | సున్నా మార్కు ఎక్కడ | 100 మార్కులు ఎక్కడ |
|---|---|---|---|
| ధర (ప్రస్తుత ఒప్పంద ధర = 100) | 30 | 120 | 90 |
| భారం తట్టుకునే శక్తి, కిలోలు | 25 | 300 | 400 |
| గడువుకు అందించిన శాతం | 20 | 80 | 98 |
| ఆర్డరు నుంచి డెలివరీకి రోజులు | 10 | 15 | 5 |
| ఫ్యాక్టరీ పరిశీలన (1 నుంచి 5) | 10 | 1 | 5 |
| చెల్లింపు గడువు, రోజులు | 5 | 15 | 60 |

ధర అంటే మన గోదాము గేటు దగ్గరికి చేరేసరికి అయ్యే పూర్తి ధర. రవాణా, డై, ప్రింటింగ్ బ్లాకుల ఖర్చును ఏడాది పరిమాణం మీద పంచి కలిపాం. ‘క’ కొటేషన్‌లో కనిపించిన సూచీ 89. డై ఖర్చు విడిగా చివరి పేజీలో అడుగున ఉంది. కలిపితే 93 అయింది.

అసలు లెక్కలు

| గుర్తు | ధర | శక్తి | గడువు % | రోజులు | పరిశీలన | చెల్లింపు |
|---|---|---|---|---|---|---|
| క | 93 | 318 | 89.0 | 10 | 3.0 | 30 |
| గ | 102 | 376 | 95.3 | 7 | 4.0 | 45 |
| చ | 99 | 355 | 92.6 | 8 | 3.8 | 30 |
| జ | 111 | 392 | 97.1 | 6 | 4.4 | 15 |
| ట | 96 | 340 | 84.5 | 12 | 2.6 | 60 |

గడువు అంకెల గురించి ఒక మాట. ఒప్పుకున్న రోజున, ఒప్పుకున్న పరిమాణం పూర్తిగా చేరితేనే గడువుకు అందినట్టు లెక్కించాం. సగం లోడు పంపి మిగతాది మూడు రోజులకు పంపితే అది ఆలస్యమే. ‘ట’ తన ఫారంలో 97 శాతం అని రాసుకుంది. అది చూపిన ఇద్దరు ఖాతాదారుల సరుకు స్వీకరణ రికార్డులు తెప్పించి చూస్తే 84.5 తేలింది. ‘చ’ అంకె మన సొంత రిజిస్టరు నుంచి తీసుకున్నది. మన స్టోర్స్ వారు గంట ఆలస్యాన్ని కూడా రాసిపెడతారు కనుక, ఈ అంశంలో ‘చ’కు మిగతావారికన్నా కాస్త కఠినంగా కొలిచినట్టయింది. దాన్ని సరిదిద్దే నమ్మకమైన మార్గం కనిపించలేదు. అంకెను మార్చకుండా ఈ వాక్యం చేర్చాం.

అన్నిటినీ ఒకే కొలతకు తేవడం

రోజులు, కిలోలు, శాతాలు ఉన్నవి ఉన్నట్టు కూడలేం కదా. ప్రతి అంకెను పై హద్దుల మధ్య 0 నుంచి 100 లోపు మార్కుగా మార్చాం. ఎక్సెల్ షీటులో 1వ వరసలో వెయిటేజీ, 2వ వరసలో సున్నా హద్దు, 3వ వరసలో 100 హద్దు, ఆ కిందినుంచి సరఫరాదారులు ఉన్నారు. మార్చిన మార్కులు 12వ వరస నుంచి మొదలవుతాయి.

```
=MAX(0, MIN(100, (B4-B$2)/(B$3-B$2)*100))
=SUMPRODUCT(B$1:G$1, B12:G12)/100
```

ధర, రోజులు తగ్గేకొద్దీ మంచివి. మిగతావి పెరిగేకొద్దీ మంచివి. సున్నా హద్దు పెద్దదైనా చిన్నదైనా ఈ సూత్రం ఒకటే సరిపోతుంది, విడిగా ఇంకొకటి రాయనక్కరలేదు.

వచ్చిన కొటేషన్లలో అతి తక్కువ, అతి ఎక్కువ వాటినే హద్దులుగా పెట్టుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. మేము దాన్ని కావాలనే వదిలేశాం. ఆ పద్ధతిలో అయిదుగురి ధరలూ దగ్గరదగ్గరగా ఉన్నా ఒకరికి 100, మరొకరికి సున్నా పడతాయి. ఒకరు తప్పుకుంటే మిగిలినవారి మార్కులన్నీ కదులుతాయి, ఒక్కోసారి వరుస కూడా తలకిందులవుతుంది. హద్దులు మన అవసరాన్ని బట్టి పెట్టినవైతే ఎవరు వచ్చినా, ఎవరు పోయినా ‘గ’ మార్కు ‘గ’దే. అనుమానం తీరడానికి ఆ పద్ధతిలోనూ లెక్క వేశాం. మొదటి ముగ్గురి వరుస మారలేదు.

| గుర్తు | ధర | శక్తి | గడువు | రోజులు | పరిశీలన | చెల్లింపు | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|
| గ | 60.0 | 76.0 | 85.0 | 80.0 | 75.0 | 66.7 | 72.83 |
| జ | 30.0 | 92.0 | 95.0 | 90.0 | 85.0 | 0.0 | 68.50 |
| చ | 70.0 | 55.0 | 70.0 | 70.0 | 70.0 | 33.3 | 64.42 |
| క | 90.0 | 18.0 | 50.0 | 50.0 | 50.0 | 33.3 | 53.17 |
| ట | 80.0 | 40.0 | 25.0 | 30.0 | 40.0 | 100.0 | 51.00 |

ఉదాహరణకు ‘గ’ ధర: (120 − 102) ÷ 30 × 100 = 60. దానికి 30 శాతం వెయిటేజీ వేస్తే మొత్తంలోకి వచ్చేది 18.

ఫ్యాక్టరీ పరిశీలన ఒక్కటే మనుషుల అభిప్రాయం మీద ఆధారపడింది. ‘ట’కు ఒక సభ్యుడు 4 వేశారు, మిగతా నలుగురు 2, 2, 3, 2 వేశారు. కారణం అడిగితే కొత్త ప్రింటింగ్ యంత్రం చూసి వేశానన్నారు. మిగతావారు చూసినవి యంత్రం పక్కన తడి నేల మీద, కింద చెక్క కూడా లేకుండా పెట్టిన కాగితపు రీళ్లు. చర్చ తరువాత కూడా ఆయన తన మార్కు మార్చుకోలేదు. మార్చమని ఒత్తిడి చేయలేదు. ఆ 4ను 2గా మార్చినా ‘ట’ చివరి స్థానంలోనే ఉంటుంది.

షార్ట్‌లిస్ట్

నిబంధనలు రెండు: మొత్తం 60 దాటాలి, ధర, శక్తి, గడువు మూడింటిలో దేనిలోనూ 30కి తగ్గకూడదు.

1. గ – 72.83
2. జ – 68.50 (ధరలో సరిగ్గా 30; గీత మీద నిలిచింది)
3. చ – 64.42

‘క’, ‘ట’ రెండు నిబంధనల్లోనూ తప్పాయి. ‘క’ సగటు 318 అయినా పది నమూనాల్లో రెండు 300కు లోపలే నలిగాయి. దొంతర ఒరగడానికి ఒక్క బలహీనమైన పెట్టె చాలు. ఇదే లెక్కన ‘చ’ను చూస్తే దాని కనిష్ఠం 304, సగటుకు చాలా దూరం. ‘గ’ కనిష్ఠం 351. సగటుకే మార్కులు వేయడం మా పట్టికలోని లోపం. వచ్చే ఏడాది పది నమూనాల కనిష్ఠానికి వేయాలని ఇప్పుడే రాసిపెడుతున్నాం. ఈ ఏడాది నిబంధనను మధ్యలో మార్చలేదు.

వెయిటేజీ మారితే

ఆర్థిక విభాగం సభ్యుడు ధరకు 30 చాలదని భిన్నాభిప్రాయం నమోదు చేశారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ధర వెయిటేజీని మార్చి, మిగతావాటిని అదే నిష్పత్తిలో సర్ది మళ్లీ లెక్కించాం.

| ధర వెయిటేజీ | గ | జ | చ |
|---|---|---|---|
| 20 | 74.67 | 74.00 | 63.62 |
| 30 | 72.83 | 68.50 | 64.42 |
| 40 | 71.00 | 63.00 | 65.21 |

ధరకు సుమారు 18 శాతానికి లోపు ఇస్తేనే ‘జ’ మొదటి స్థానానికి వస్తుంది. రెండో స్థానం మాత్రం అంత గట్టిది కాదు. ధరకు సుమారు 36.5 శాతానికి మించి ఇస్తే ‘చ’ ‘జ’ను దాటుతుంది. కాబట్టి ‘గ’ ఎంపికను కమిటీ ధైర్యంగా సిఫార్సు చేస్తోంది, రెండో సరఫరాదారు విషయంలో తమరి నిర్ణయం కోరుతోంది.

సిఫార్సు

ఏడాది పరిమాణంలో 70 శాతం ‘గ’కు, 30 శాతం రెండో సరఫరాదారుకు ఇవ్వాలి. నలుగురు సభ్యులు రెండో స్థానానికి ‘జ’ను, ఆర్థిక విభాగం సభ్యుడు ‘చ’ను సూచించారు. బేరానికి పనికొచ్చే ఒక లెక్క: ధర హద్దుల మధ్య దూరం, వెయిటేజీ రెండూ 30 కావడం వల్ల సూచీ ఒక పాయింటు తగ్గితే మొత్తంలో సరిగ్గా ఒక మార్కు పెరుగుతుంది. ‘జ’ 111 నుంచి 106కు దిగితే ‘గ’ను దాటుతుంది. ఈ అంకె బయటికి పొక్కకూడదు. బేరానికి పిలిస్తే షార్ట్‌లిస్ట్‌లోని ముగ్గురినీ పిలిచి, సీలు వేసిన కవర్లలో ఒకే ఒక్కసారి తుది ధర అడగాలి.

ఒప్పందానికి ముందు ‘గ’ నుంచి 2,000 పెట్టెలు ప్రయోగాత్మకంగా తెప్పించి, అందులోంచి మన స్టోర్స్ వారే ఏరిన పది పెట్టెలను పరీక్షకు పంపాలి. సరఫరాదారు తానే ఎంచి పంపిన నమూనా ఎప్పుడూ కొంచెం అందంగానే ఉంటుంది. ఆ పదింటిలో ఏ ఒక్కటైనా 340 కిలోలకు తగ్గితే ఫైలు మళ్లీ కమిటీ ముందుకు రావాలి.

కొటేషన్ల చెల్లుబాటు ఇంకా 21 రోజులు ఉంది. ప్రయోగాత్మక లోడుకు 7 రోజులు, పరీక్షకు 4 రోజులు పోతాయి. వారంలోగా తమ ఆమోదం అందితే కొటేషన్లు గడువు దాటకముందే ఒప్పందం సంతకాలకు సిద్ధమవుతుంది.