జర్మన్ ఏ1 మాట పరీక్ష: ఇంటర్వ్యూ స్క్రిప్టు, బ్యాండ్ల పట్టిక

మహబూబ్‌నగర్ సాయంత్రం బ్యాచ్ (నర్సింగ్ విద్యార్థులు) పరీక్షకుల కోసం

ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు. గదిలో ఇద్దరు పరీక్షకులు ఉండాలి. ఒకరు మాట్లాడతారు, రెండోవారు పక్కన కూర్చుని రాస్తారు. మాట్లాడేవారి చేతిలో పెన్ను ఉండొద్దు. పెన్ను కదిలితే చాలు, ఏదో తప్పు చెప్పామనుకుని మనవాళ్లు గొంతు తగ్గించేస్తారు.

లోపలికి రాగానే తెలుగులో ఇలా చెప్పండి: "రండి, కూర్చోండి. ముందు మంచినీళ్లు తాగండి. టెన్షన్ పడొద్దు. ప్రశ్న అర్థం కాకపోతే జర్మన్‌లోనే మళ్లీ అడగమనండి, దానికి మార్కులేం తగ్గవు." ఇక ఇక్కడినుంచి తెలుగు వద్దు.

మొదటి భాగం: పరిచయం (3 నిమిషాలు)

"గూటెన్ ఆబెంట్. వీ హైసెన్ జీ?"
"బూహ్‌ష్టాబీరెన్ జీ బిట్టె ఈరెన్ నామెన్."
"వో వోనెన్ జీ?"

జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట, ఏ ఊరి పేరు చెప్పినా ఆ ఊరి మీదే ఇంకో ప్రశ్న వేయండి: "ఇస్ట్ దస్ వైట్ ఫోన్ హీయర్?" ఇది తప్పకుండా అడగాలి. పరిచయం చాలామందికి కంఠతా వచ్చి ఉంటుంది. గడగడా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి "హాబెన్ జీ గెష్విస్టర్?" అని అడగండి. అప్పుడు వచ్చే జవాబుకే బ్యాండు, బట్టీ పట్టినదానికి కాదు.

రెండో భాగం: రోజు గడిచే తీరు (3 నిమిషాలు)

"వన్ ష్టేహెన్ జీ ఔఫ్?"
"వాస్ ఎస్సెన్ జీ మోర్గెన్స్?"
"వాస్ మాహెన్ జీ ఆమ్ వోహెన్‌ఎండె?"

తర్వాత ఏడున్నర చూపిస్తున్న గడియారం బొమ్మ పెట్టి "వీ ష్పేట్ ఇస్ట్ ఎస్?" అనండి. "హాల్ప్ అహ్ట్" అన్నా, "జీబెన్ ఊర్ డ్రైసిహ్" అన్నా సరైనదే. "హాల్ప్ జీబెన్" అంటే ఆరున్నర అవుతుంది. రేపు వార్డులో డ్యూటీ వేళ చెప్పినప్పుడు పొరపాటు జరగకూడదు కాబట్టి ఈ తప్పును విడిగా రాసిపెట్టండి.

మూడో భాగం: అడగడం, కోరడం (3 నిమిషాలు)

బల్ల మీద నాలుగు బొమ్మలు బోర్లా పెట్టి ఉంటాయి: నీళ్ల గ్లాసు, కిటికీ, పెన్ను, దుప్పటి. విద్యార్థి రెండు తీసి, ఒక్కోదాని మీద మిమ్మల్ని ఏదైనా కోరాలి. "గేబెన్ జీ మీర్ బిట్టె దస్ వాసర్" లాంటిది చాలు. మీరు వెంటనే ఇచ్చేయకండి. "వీ బిట్టె?" అనండి. మళ్లీ చెప్పగలిగారా, మాట మార్చి చెప్పారా, నోరు మూసుకున్నారా అన్నది రెండోవారు గమనించాలి. ముసలి రోగికి చెవులు సరిగా వినపడకపోతే చేయాల్సింది ఇదే కదా.

బ్యాండ్లు

4: అడిగినదానికంటే ఒక వాక్యం ఎక్కువే, తనంతట తాను చెబుతారు. తప్పులున్నా అర్థానికి అడ్డు రావు.
3: అన్నింటికీ చిన్న వాక్యాల్లో జవాబిస్తారు. అర్థం కానిచోట జర్మన్‌లోనే మళ్లీ అడుగుతారు.
2: నేర్చుకున్న వాక్యాలు వస్తాయి, ప్రశ్న కొంచెం మారితే ఆగిపోతారు. మీరు మాట అందించాల్సి వస్తుంది.
1: పేరు, ఊరు, విడి మాటలు మాత్రమే.
0: రెండుసార్లు అడిగినా జర్మన్‌లో ఏమీ రాలేదు.

ఒక మాదిరి. విద్యార్థి "ఇహ్ మోర్గెన్స్ ఉప్మా ఎస్సె" అన్నారు. క్రియ రెండో స్థానంలో రావాలి, తెలుగులోలాగా చివరికి పోయింది. అయినా ఏం తింటారో, ఎప్పుడు తింటారో తెలిసింది. ఇలాంటి వాక్యాలే మూడు నాలుగు వచ్చినా, మిగతాదంతా సరిగా ఉంటే 3 ఇవ్వండి. మన యాస వినిపించిందని బ్యాండు తగ్గించొద్దు. మాట తెలియకుండా పోతేనే తగ్గించాలి. ఆలోచించడానికి ఐదారు సెకన్లు తీసుకుంటే ఆగండి, తొందరపడి మాట అందిస్తే అన్యాయంగా 2లోకి పడిపోతారు.

మూడు భాగాలకు మూడు బ్యాండ్లు వస్తాయి. వాటిలో మధ్యది తుది బ్యాండు: 4, 2, 3 వస్తే 3. 2, 2, 4 వస్తే 2. సగటు తీయొద్దు. పరీక్షకులిద్దరూ ఒకరికొకరు చూపించుకోకుండా వేయాలి. మాట్లాడినవారు విద్యార్థి బయటికి వెళ్లాకే వేయాలి. ఒక బ్యాండు తేడా వస్తే పట్టికలోని వాక్యాలు మళ్లీ చదివి తేల్చుకోండి. రెండు తేడా వస్తే రికార్డింగు వినండి. రికార్డు చేస్తున్నట్టు విద్యార్థికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయాలి.

తుది బ్యాండు 3 గానీ 4 గానీ వస్తే ఏ2 క్లాసుకు వెళ్తారు. 2 వచ్చినవారికి రెండు వారాలు మాట్లాడించే ప్రాక్టీసు ఇచ్చి, వెనకబడ్డ భాగం మాత్రమే మళ్లీ పెడతాం. 1, 0 వచ్చినవారితో అదే రోజు తెలుగులో కూర్చుని మాట్లాడండి: క్లాసులు తప్పాయా, నైట్ డ్యూటీలు పడ్డాయా కనుక్కుని ఆ కాగితం మీదే రాయండి.