ఒక టేకు టేబుల్, పలక దిగిన రోజు నుంచి: మా వర్క్‌షాప్ పోస్టులు

పోస్ట్ 1: చెక్క దిగింది

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న డైనింగ్ టేబుల్ పని మొదలైంది. మీ ఇంటికి వచ్చేసరికి పాలిష్ కింద దాగిపోయేవన్నీ ఈ వరుస పోస్టుల్లో చూపిస్తాం.

మొదటి ఫొటోలో పలకల రంగు చూడకండి, చివరలు చూడండి. మధ్యలో బంగారు గోధుమ రంగులో ఉన్నది చేవ. అంచున పసుపు కలిసిన తెలుపులో కనిపించే పట్టీ తెల్లచెక్క. టేకుకి చెదను తట్టుకునే గుణం చేవలోనే ఉంటుంది, తెల్లచెక్కలో ఉండదు. కానీ స్టెయిన్ ఒక్క పూత వేస్తే రెండూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. ఆ తర్వాత కొనేవారు ఎంత చూసినా తేడా పట్టుకోవడం కష్టం. అందుకే ప్రతి టేబుల్‌కీ పాలిష్ వేయకముందు పై పలక, అడుగు భాగం, నాలుగు కాళ్ల ఫొటోలు తీసి ఆర్డర్ ఇచ్చినవారికి పంపుతాం. కాళ్లలో తెల్లచెక్క అసలు ఉంచం. పై పలకలో ఉంటే ఆ అంచు కోసేసి అతికిస్తాం.

"టేబుల్ చూస్తే ఇంతే ఉంది, చెక్క అంత ఎందుకు లెక్కగట్టారు?" అని చాలామంది అడుగుతారు. లెక్క ఇదీ. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. తయారైన పై పలక 6 × 36 × 1, అంటే 1.5 ఘనపుటడుగులు. 29 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల చదరం ఉన్న నాలుగు కాళ్లు 0.6. కాళ్లను కలిపే నాలుగు పట్టీలు 0.4. మొత్తం 2.5. దీనికోసం మేం కోయించి తెచ్చేది సుమారు 3.7. చిత్రిక పట్టి చదును చేయాలంటే పలక అంగుళంపావు మందం ఉండాలి, పగుళ్లున్న కొసలు కోసేయడానికి పొడవు అర అడుగు ఎక్కువ ఉండాలి, అతుకు అంచులు సరిచేయడానికి వెడల్పు నాలుగు అంగుళాలు ఎక్కువ కావాలి. తెచ్చిన చెక్కలో దాదాపు మూడో వంతు పొట్టుగా, ముక్కలుగా పోతుంది. బిల్లులో ఈ రెండు అంకెలూ విడివిడిగా రాస్తాం. ఎవరి దగ్గర చేయించుకున్నా ఈ రెండూ విడిగా అడగండి.

పోస్ట్ 2: తేమ కొలుస్తున్నాం (ఇది కాస్త పెద్ద పోస్ట్, కానీ అన్నిటికంటే అవసరమైనది)

టేబుల్ కొన్న ఏడాదికి పై పలక చీలిందంటే తప్పు చాలాసార్లు మేకులోనో జిగురులోనో ఉండదు, ఆరని చెక్కలో ఉంటుంది.

చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. టేకు ఈ విషయంలో నెమ్మదైన చెక్కే, అయినా లెక్క చిన్నది కాదు. నార వెడల్పుగా తెరుచుకున్న పలకల్లో తేమ ఒక్క శాతం తగ్గితే వెడల్పు సుమారు 0.2 శాతం తగ్గుతుంది. 18 శాతం తేమ ఉన్నప్పుడు 36 అంగుళాల పై పలక అతికిస్తే, అది ఇంట్లో 10 శాతానికి వచ్చేసరికి అర అంగుళం పైగా తగ్గుతుంది. కింద పట్టీలకు గట్టిగా బిగించి ఉంటే తగ్గే దారి లేక చీలుతుంది. తేమ 12 శాతానికో అంతకంటే తక్కువకో వచ్చేదాకా మేం టేబుల్ పనికి రంపం పట్టం.

వీడియోలో రెండు పిన్నుల మీటర్ ఉంది. దాన్ని పలక కొసన గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది, కొసలు ముందే ఆరిపోతాయి కాబట్టి. కొస నుంచి అడుగు లోపలికి, పలకకు మూడు చోట్ల గుచ్చుతున్నాం. పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండడం కూడా ఉంది. అందుకే ఒక పలకను మధ్యలో కోసి, కొత్తగా బయటపడ్డ ముఖం మీద మళ్లీ కొలుస్తాం. రెండు అంకెల మధ్య 3 శాతం కంటే తేడా వస్తే మొత్తం లాట్ వెనక్కి, దొంతి మీదకే.

మీటర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడం. లాట్‌కి ఒక చిన్న ముక్క తూచి, 103 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి మళ్లీ తూస్తాం. ఈ లాట్ ముక్క ముందు 42 గ్రాములు, తర్వాత 37.5 గ్రాములు. తగ్గిన 4.5ని ఆరిన బరువు 37.5తో భాగిస్తే 12 శాతం. పచ్చి బరువుతో భాగిస్తే అంకె తక్కువ వచ్చి చెక్క ఆరినట్టు కనిపిస్తుంది. ఎవరైనా తేమ శాతం చెబితే దేనితో భాగించారో అడగడం మంచిది.

దొంతి ఫొటోలో ఒకటి గమనించండి. పలకల మధ్య పెట్టిన బద్దలన్నీ పైనుంచి కిందకు ఒకే నిలువు గీతలో ఉన్నాయి. ఒక బద్ద పక్కకు జరిగితే పై బరువు పలక మీద పడి, అది ఆ వంకరలోనే ఆరి గట్టిపడుతుంది. తర్వాత చిత్రికతో సరిచేయబోతే మందం పోతుంది.

పోస్ట్ 3: పై పలక అతుకు

ముందు జిగురు లేకుండా పలకలను పక్కపక్కన చేర్చి, వెనక దీపం పెడతాం. వెలుగు కనిపిస్తే అంచు మళ్లీ సరిచేయాలి. క్లాంపు బలంతో సందు మూసిన అతుకు ఆ రోజుకి బాగానే కనిపిస్తుంది. చెక్క మాత్రం ఆ లాగుడును మరిచిపోదు, కొన్నాళ్లకు కొసల దగ్గర విడుతుంది.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాని మీద జిగురు సరిగా పట్టదు. అంచులు చిత్రిక పట్టిన రోజే, అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆవిరైన వెంటనే జిగురు రాస్తాం. నిన్న తుడిచి ఇవాళ అతికిస్తే లాభం లేదు, లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద వరుస మార్చి బిగిస్తున్నాం. అన్నీ ఒకే వైపు వేస్తే పలక విల్లులా వంగుతుంది. అతుకు పొడవునా సన్నని జిగురు పూసలు సమంగా బయటికి వస్తే కొలత సరిపోయినట్టు. ఎక్కడైనా పూస రాకపోతే అక్కడ జిగురు చాలలేదు, వెంటనే విప్పి మళ్లీ రాయాలి. బిగించాక 24 గంటలు ముట్టుకోం.

పోస్ట్ 4: పక్కన పెట్టిన పలకలు

ఫొటోలో మూడు పలకలు ఉన్నాయి. ఒకదాని మధ్యలో కాండం నట్టనడుమ ఉండే మెత్తటి బెండు పడింది, ఆ గీత వెంటే పగులు వస్తుంది. రెండోదానిలో ముడి వదులుగా ఉంది, వేలితో నొక్కితే కదులుతోంది. మూడోదాని తెల్లచెక్క అంచున సూది మొనంత రంధ్రాలు, కింద మెత్తటి పొడి ఉన్నాయి, అంటే పురుగు పట్టింది. మొదటి రెండూ చీల్చి చిన్న ముక్కలకు వాడొచ్చు. మూడోది షెడ్డు లోపలికే రానివ్వం.

పోస్ట్ 5: కాళ్లూ పట్టీలూ

పట్టీ కొసను కుసిగా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దించుతున్నాం. పట్టీ మందం 25 మిల్లీమీటర్లు, కుసి మందం 9, పొడవు 40. కుసి మరీ లావైతే బెజ్జం గోడలు పలచబడి కాలు చీలుతుంది, మరీ సన్నమైతే కుసే విరుగుతుంది. చేత్తో నెట్టితే లోపలికి దిగాలి, తలకిందులు చేస్తే జారిపడకూడదు. సుత్తితో గట్టిగా కొట్టాల్సివస్తే జిగురంతా అడుగుకి తోసుకుపోయి, గోడలకు ఏమీ మిగలదు.

ఇక పై పలకను పట్టీలకు జిగురుతో అంటించం. అడుగున స్క్రూలకు గుండ్రని రంధ్రాలు కాకుండా 10 మిల్లీమీటర్ల పొడవున్న గాడులు తీసి, వాషర్ వేసి బిగిస్తాం. గాడి దిశ పలక వెడల్పు వైపే ఉండాలి. వానాకాలంలో పలక ఉబ్బినా, ఎండాకాలంలో తగ్గినా స్క్రూ గాడిలో జరుగుతుంది, పలక చీలదు. అచ్చంగా చెక్కతోనే చేసిన టేబుల్ ఎక్కడ కొన్నా కింద కూర్చుని ఒకసారి చూడండి. చుట్టూ జిగురు గట్టుకట్టి ఉంటే చెక్క కదలికకు చోటు వదల్లేదని అర్థం.

పోస్ట్ 6: పాలిష్ ఆలస్యం అవుతోంది, కారణం ఇదీ

శాండ్‌పేపర్ 80తో మొదలుపెట్టి 120, 180, 240 వరకూ వెళ్లాం. మధ్యలో ఒక నంబరు దాటేస్తే గరుకు గీతలు అప్పుడు కనపడవు, పాలిష్ పడ్డాక పక్క నుంచి వెలుగు తగిలితే బయటపడతాయి.

రెండు పూతల సీలర్ అయింది. పై పూత మాత్రం ఆపాం. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు పూత వేస్తే లోపల తెల్లని పొగలాంటి మచ్చ ఏర్పడుతుంది. అది తుడిస్తే పోదు, గీకి మళ్లీ వేయాలి. వాన తెరిపినిచ్చి షెడ్డు ఆరాక పని మళ్లీ మొదలవుతుంది. డెలివరీ నాలుగు రోజులు వెనక్కి జరిగింది, ఆర్డర్ ఇచ్చినవారికి ముందే ఫోన్ చేసి చెప్పాం.

పై పూతలు రెండు. పలక అడుగున కూడా సీలర్ పట్టించాం. అడుగు భాగం ఎవరూ చూడరని వదిలేస్తే, పైముఖం తేమను ఆపుతుంది, కిందిముఖం పీల్చుకుంటుంది, పలక గిన్నెలా వంగుతుంది.

పూత చేతికి అంటకుండా ఆరడం వేరు, లోపలి దాకా గట్టిపడడం వేరు. చివరి పూత తర్వాత వారం దాకా వేడి గిన్నె పెట్టకండి, ప్లాస్టిక్ షీటు కప్పకండి.

పోస్ట్ 7: డెలివరీ రోజు

లారీ ఎక్కించే ముందు చూసేవి: రెండు కర్ణాల కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు, ప్రతి స్క్రూ బిగువు, కాళ్ల అడుగున తిప్పి ఎత్తు సరిచేసే బోల్టులు, పాలిష్ మీద గీతలు. ఈ పట్టిక మీద పని చేసినవారి సంతకం ఉంటుంది. ఒక కాపీ టేబుల్ అడుగున అంటిస్తాం.

ఇంట్లో టేబుల్ ఊగితే కంగారు పడకండి. రెండు మూడు చోట్లకు జరిపి చూడండి. చోటు మారగానే ఊగడం ఆగితే తేడా నేలలో ఉంది, లేస్తున్న కాలి బోల్టు అర చుట్టు తిప్పితే సరిపోతుంది. ఎక్కడ పెట్టినా అవే రెండు కాళ్లు ఆడుతుంటే తేడా మాది, వచ్చి సరిచేస్తాం.

అతుకు విడిపోవడం, పలక చీలడం, పురుగు పట్టడం: ఈ మూడింటికీ మూడేళ్ల బాధ్యత మాది. వేడి గిన్నె మచ్చలు, నీళ్లు నిలిచిన తెలుపు, నేరుగా ఎండ పడి రంగు మారడం ఇందులోకి రావు. ఏ ఇబ్బంది ఉన్నా అడుగున అంటించిన కాగితం మీది ఆర్డర్ నంబరు, పగటి వెలుగులో తీసిన రెండు ఫొటోలు పంపండి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి మొత్తం టేబుల్ కనిపించేలా తీయండి.