వైవా ప్రాక్టీస్ పేపర్: నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం, మౌఖిక చరిత్ర థీసిస్

వైవా: సోమవారం ఉదయం 11 గంటలకు
ప్రాక్టీస్: శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున, కావలి ఇంట్లో మిద్దె మీద
అడిగేది సుజాతక్క, చెప్పేది నేను

అక్కా, ముందు ఇది చదువు. ప్రశ్నలు వరుసగా అడగొద్దు, అధ్యాయం అయితే మార్చొద్దు. ప్రశ్న కింద రాసింది నీ కోసం. నేను వదిలేసిన పాయింటు ఉంటే "ఇంకా?" అను చాలు, చెప్పెయ్యకు. రెండు నిమిషాలు దాటితే ఆపు. ★ ఉన్నవి ఇద్దరు ఎక్స్‌టర్నల్స్ రిపోర్టుల్లో రాసినవి, అవి కచ్చితంగా వస్తాయి. నవ్వొద్దు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది.

మొదటి ప్రశ్న, ఎప్పుడూ ఇదే

మీ పరిశోధన గురించి క్లుప్తంగా చెప్పండి.

1992లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. అక్షరాస్యత తరగతిలో చదివిన సీతమ్మ కథ అనే పాఠం నుంచి ఇదంతా పుట్టిందని అందరూ చెప్పే కథ. పాల్గొన్నవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని ఎలా చెబుతున్నారు, ఆ రెండు కథల మధ్య తేడా ఎక్కడుంది అన్నది నా ప్రశ్న. ఇక్కడితో ఆగాలి. కలిగిరి మండలం, దూబగుంట ఊరు, అక్కడ పోరాటంలో ముందున్న రోశమ్మ అంటూ మొదలుపెడితే పావుగంట పోతుంది.

అధ్యాయం 1: పరిచయం (పే. 1–26)

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నారు?
అమ్మమ్మ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యాలి. అసలు కారణం: పత్రికల మీద, ప్రభుత్వ విధానం మీద ఆధారపడి రాసినవి ఉన్నాయి, పాల్గొన్నవాళ్ల మాటల మీద రాసినవి తక్కువ.

దీన్ని ఉద్యమం అనొచ్చా? ఒక నాయకత్వం, ఒక సంస్థ లేవు కదా?
అనొచ్చు. ఊరూరా విడివిడిగా మొదలైనా కోరిక ఒకటే, సారా వేలంపాట ఆగాలని.

అధ్యాయం 2: నేపథ్యం (పే. 27–71)

వారుణి వాహిని అంటే ఏమిటి?
1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేసిన పద్ధతి. కాంట్రాక్టరు ఊళ్లోకే తెచ్చి అమ్మేవాడు. సారా ఇంటి గుమ్మం దాకా వచ్చిందన్నది ఇక్కడ ముఖ్యం.

సారాకీ, కల్లుకీ, బ్రాందీకీ తేడా మీ థీసిస్‌లో ఎందుకంత ముఖ్యం?
1993 నిషేధం సారా మీదే. బ్రాందీ, విస్కీ ఆగింది 1995లో. ఇది కలిపేస్తే ఐదో అధ్యాయం అంతా కూలిపోతుంది.

తేదీలు చెప్పండి. (ఎక్కడైనా, ఎప్పుడైనా అడుగు.)
1993 ఏప్రిల్ 15 నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1 రాష్ట్రమంతా సారా నిషేధం, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణం చేసిన వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం. 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో సడలింపు.

అక్షరాస్యత ఉద్యమం కేరళలో ఇంకా ముందే జరిగింది. ఎర్నాకుళంలో ఇలా ఎందుకు జరగలేదు?
ఇది వలలాంటి ప్రశ్న. కేరళ మీద నేను పని చెయ్యలేదు. పోలిక నా పరిధిలో లేదని చెప్పి, నెల్లూరులో ఏం జరిగిందో మాత్రం చెప్పాలి: సాయంత్రం తరగతి వల్ల ఆడవాళ్లకు రోజూ ఒకచోట కూర్చునే వీలు దొరికింది.

అధ్యాయం 3: పద్ధతి (పే. 72–104)

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోబెడతారు. అక్కా, శనివారం మొత్తం ఇదే అడుగు.

★ మీరు మాట్లాడిన 32 మందిలో మగవాళ్లు ఆరుగురే. ఏకపక్షం కాదా?
ఒప్పుకోవాలి. నా ప్రశ్న ఆడవాళ్ల జ్ఞాపకం గురించి, అందుకే 26 మంది వాళ్లే. ఆ ఆరుగురిని సరిచూసుకోవడానికి తీసుకున్నా. కాంట్రాక్టరు దగ్గర పని చేసిన ఇద్దరు మాట్లాడతామని మానుకున్నారు, అది పే. 81లో ఉంది. లోటును దాచకుండా పేజీ చూపించడమే మంచిది.

మనుషుల్ని ఎలా ఎంచుకున్నారు?
ఒకరి ద్వారా ఇంకొకరు. దానివల్ల పోరాటంలో గట్టిగా ఉన్నవాళ్లే దొరికే ప్రమాదం ఉంది. అందుకే ఆరు ఊళ్లలో ప్రతిచోటా "నేను పోలేదు" అన్నవాళ్లను కనీసం ఒకరిని వెతికా. (అక్కా, నేను ఇది తప్పకుండా మర్చిపోతా.)

ఊళ్ల పేర్లు మార్చారు, దూబగుంట పేరు మాత్రం ఉంచారు. ఎందుకు?
దూబగుంట, రోశమ్మ పేర్లు అప్పటికే పత్రికల్లో ఉన్నవి, దాచి లాభం లేదు. మిగతా ఊళ్లలో భర్త తాగుడు, కొట్టడం గురించి చెప్పినవాళ్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు.

అనుమతి ఎలా తీసుకున్నారు? చదవలేని వాళ్లతో?
చదివి వినిపించి, ఒప్పుకున్నట్టు రికార్డు చేశా. నలుగురు తర్వాత కొంత భాగం తీసెయ్యమన్నారు, తీసేశా.

ముప్పై ఏళ్ల తర్వాత జ్ఞాపకాన్ని ఎలా నమ్ముతారు?
దీనికి జవాబు గట్టిగా ఉండాలి. ఇటలీలో టెర్ని అనే ఊళ్లో మౌఖిక చరిత్రకారుడు పోర్టెల్లి చేసిన పని: 1949లో చనిపోయిన కార్మికుడు 1953లో చనిపోయాడని ఊరంతా గుర్తుపెట్టుకుంది. తేదీ తప్పు, కానీ ఆ తప్పే జనానికి ఆ చావు ఏమైందో చెబుతుంది. నా దగ్గరా అలాంటిదే ఉంది, నాలుగో అధ్యాయంలో. "జ్ఞాపకం ఎప్పుడూ నిజమే" అని మాత్రం అనకూడదు. పోయినసారి డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో అనేశా, గైడ్ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అధ్యాయం 4: వాళ్లు చెప్పింది (పే. 105–168)

సీతమ్మ కథ పాఠం వల్లే ఉద్యమం పుట్టిందా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.
ఒక్క మాటలో చెప్పను. 26 మందిలో 9 మంది పాఠం సంగతి ఎత్తారు. మిగతావాళ్లు కూలి డబ్బులు, కొట్టడం, బిడ్డల ఆకలి దగ్గర మొదలుపెట్టారు. పాఠం కోపాన్ని పుట్టించలేదు. ఆ కోపం గురించి నలుగురూ ఒకచోట మాట్లాడే సందర్భం ఇచ్చింది. పే. 119 చూపించాలి.

★ 17 మంది సారా ఆపింది ఎన్టీఆర్ అన్నారని రాశారు. ఇది తప్పుడు సమాచారం కదా, ఎందుకు వదిలేశారు?
వదల్లేదు, పే. 142లో తేదీలతో సరిచేశా. 1993నీ 1995నీ కలిపేసి గుర్తుపెట్టుకున్నారు. వేదిక మీద సంతకం అందరికీ కనబడింది, అక్టోబర్ ఉత్తర్వు ఎవరికీ కనబడలేదు. ఇక్కడే పోర్టెల్లి.

పత్రికలు ఎంత పెంచాయి?
ఈనాడు విస్తృతంగా రాసింది. వార్త చూసి మొదలుపెట్టిన ఊరు నా ఆరింటిలో ఒకటే. అంతకు మించి చెప్పలేను.

అధ్యాయం 5: తర్వాత ఏమైంది (పే. 169–203)

★ "పొదుపు సంఘాలన్నీ ఈ ఉద్యమం ఫలితమే" అని పే. 188లో ఉంది. ఆధారం?
లేదు. ఆ వాక్యం ఎక్కువైంది. "నా ఆరు ఊళ్లలో నాలుగింట సారా పోరాటంలో కలిసినవాళ్లే పొదుపులో మొదటి సభ్యులు" అని మారుస్తానని చెప్పాలి. అక్కా, నేను ఇక్కడ వాదించడం మొదలుపెడితే గట్టిగా ఆపు.

1997లో నిషేధం సడలితే ఉద్యమం ఓడిపోయినట్టేనా?
వాళ్లు గెలిచామనే చెప్పారు, కానీ గెలుపు సారాది కాదు. "అప్పటిదాకా నేను పోలీసు స్టేషన్ గడప తొక్కలేదు" అన్న ఆవిడ మాట చదవాలి, పే. 197.

అధ్యాయం 6: ముగింపు (పే. 204–215)

మీ కొత్త విషయం ఏమిటి? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు?
మొదటిదానికి పైన మొదటి ప్రశ్న జవాబే, ఇంకా చిన్నగా. రెండోదానికి: మగవాళ్లను ముందే కలుస్తా.

బ్యాగులో

థీసిస్ కాపీ, పేజీలకు రంగు చీటీలు, ఒప్పుదల రికార్డుల జాబితా, రిపోర్టులకు రాసిచ్చిన జవాబులు. పే. 151లో 1993 బదులు 1994 పడింది, ప్రింటయ్యాక చూశా. వాళ్లు చూపించే ముందే నేనే చెప్పేస్తా.