కలరా క్యాంపు సిబ్బందికి: నీళ్లు ఎందుకు పోతున్నాయి, ఎలా తిరిగి నింపాలి

స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు,

స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మన కాలనీలో మూడు రోజుల్లో ముప్పై ఒక్క మందికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. స్కూల్ వరండాలో పన్నెండు మంచాలు వేశాం. శాంపిళ్లు కేరీ బ్లెయిర్ మీడియంలో తిరుపతికి పంపించాం. ఆ రిపోర్టు కోసం ఎవరికీ వైద్యం ఆపొద్దు. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనం కనబడితే కలరా అనుకునే పని మొదలుపెట్టండి.

మొన్న రాత్రి ఒకామె వచ్చింది. బరువు యాభై కిలోలు. కళ్లు గుంటలు పడ్డాయి, మణికట్టు దగ్గర నాడి అందడం లేదు. చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడిపోయింది. డ్రిప్ పెట్టారు కానీ గుండెకు భారమవుతుందేమోనన్న భయంతో మెల్లగా వదిలారు. గంటలో లోపలికి పోయింది ఒక్క బాటిల్, బకెట్‌లో పడింది రెండు లీటర్లు. ఆమె బతికింది. తప్పు నర్సుది కాదు, ఎంత వేగంగా ఎక్కించాలో నేను రాసిపెట్టలేదు. అందుకే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

కలరా సూక్ష్మజీవి పేగు గోడను కొరికి పుండు చేయదు, ఒక విషాన్ని వదులుతుంది. అందులో ఒక ‘ఎ’ భాగం, ఐదు ‘బి’ భాగాలు ఉంటాయి. ‘బి’లు పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. ‘ఎ’లోని ముక్క కణంలోకి దూరి జీఎస్ అనే ప్రొటీన్‌ను ఇక ఆగకుండా చేస్తుంది. దాంతో సైక్లిక్ ఏఎంపీ విపరీతంగా పెరిగి, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. క్లోరైడ్ బయటికి పోతుంటే వెనకే సోడియం, దాని వెనకే నీళ్లు. ఉప్పును మామూలుగా లోపలికి పీల్చుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఈ విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కుందేలు పేగుల మీద చూపించారు.

అయితే ఈ విషం ఒక్క దారిని ముట్టుకోలేదు. గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి వెళ్లే దారి అది. ఓఆర్ఎస్ పనిచేసేది అక్కడే. వట్టి నీళ్లు ఎన్ని తాగినా నిలవవు, ఉప్పూ చక్కెరా తగు పాళ్లలో ఉంటే విరేచనాలు అవుతున్నా నీళ్లు లోపలికి పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతుంటే దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఓఆర్ఎస్ కలిపి తాగించి ప్రాణాలు నిలబెట్టారు.

ముందు మనిషిని చూడండి, తర్వాతే నోటా, నరానికా అన్నది.

బాగానే ఉండి, దాహం మామూలుగా ఉంటే ఇంటి దగ్గరే ఓఆర్ఎస్ చాలు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., పదేళ్ల వరకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. తల్లిపాలు, గంజి, జావ ఆపొద్దు.

చిరాకుగా ఉండి, ఆత్రంగా తాగుతూ, కళ్లు లోపలికి పోయి ఉంటే క్యాంపులోనే ఉంచండి. కిలోకు 75 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో వెళ్లాలి. పన్నెండు కిలోల బిడ్డకు 900 మి.లీ., అంటే దాదాపు నిమిషానికో టీస్పూను. తల్లి చేతికి స్పూను ఇచ్చి పక్కన కూర్చోండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టించండి.

మగతగా ఉన్నా, తాగలేకపోయినా, నాడి అందకపోయినా ఆలస్యం వద్దు. రింగర్ లాక్టేట్ కిలోకు 100 మి.లీ. ఏడాది దాటినవాళ్లకు మొదటి 30 మి.లీ. అరగంటలో, మిగతా 70 రెండున్నర గంటల్లో. ఏడాదిలోపు బిడ్డకు 30 గంటలో, 70 ఐదు గంటల్లో. యాభై కిలోల మనిషికి అరగంటలో మూడు అర లీటరు బాటిళ్లు, తర్వాత ఏడు. ఈ వేగంలో చుక్కలు లెక్కపెట్టలేం. లావు సూదులతో రెండు చేతులకూ లైన్ పెట్టి, రోలర్ పూర్తిగా తెరవండి. మొదటి 30 అయ్యాక నాడి ఇంకా బలహీనంగా ఉంటే అదే మోతాదు మళ్లీ. వట్టి డెక్స్‌ట్రోజ్ ఎక్కించొద్దు, అందులో ఉప్పు లేదు. తాగగలిగిన వెంటనే గంటకు కిలోకు 5 మి.లీ. ఓఆర్ఎస్ కూడా మొదలుపెట్టండి. గుండె జబ్బున్నవాళ్లు, బాగా చిక్కిపోయిన పిల్లలు వస్తే ఏ వేళైనా సరే నన్ను లేపండి. వాళ్లకు లెక్క వేరు.

యాంటీబయాటిక్ నీళ్ల తర్వాతే. పెద్దవాళ్లకు వాంతి తగ్గాక డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. ఒకేసారి. గర్భిణులైతే అజిత్రోమైసిన్ 1 గ్రాము. ఆర్నెల్లు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మి.గ్రా., పది నుంచి పద్నాలుగు రోజులు. విరేచనాలు కట్టే లోపెరమైడ్ ఎవరికీ ఇవ్వకండి.

ప్రతి మంచం కింద గీతలున్న బకెట్ పెట్టించాను. గంటకోసారి అందులో ఎంత పడిందో, లోపలికి ఎంత వెళ్లిందో, మూత్రం వచ్చిందో లేదో చార్టులో రాయండి. బకెట్ పారబోసే ముందు బ్లీచింగ్ కలపాలి. డ్యూటీ మారేటప్పుడు ఆ చార్టు చేతికిచ్చి, మంచం మంచం దగ్గరా నోటితో కూడా చెప్పి వెళ్లండి.

మెడికల్ ఆఫీసర్